వీపు మీద మచ్చ నల్లబడింది: బయాప్సీ దాకా వెళ్లిన నా అనుభవం

నాకు 57 ఏళ్లు. వీపు మీద, పక్కటెముకల దగ్గర, ఒకటి కణత మీద, గోధుమరంగు మచ్చలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. కరిగిన మైనం చుక్కలు చర్మం మీద పడి గట్టిపడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి, గోటితో అంచు పట్టుకుని లాగితే ఊడొచ్చేస్తుందేమో అనిపిస్తుంది. మా అమ్మకీ ఉండేవి. ఇంట్లో వాటిని పులిపిర్లు అనే పిలిచేవాళ్లం, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

కిందటి అక్టోబర్ రెండో వారంలో వాటిలో ఒకటి మారింది. వీపు మీద ఎడమవైపు, సరిగ్గా బ్రా పట్టీ రాసుకునే చోట ఉన్నది అది. కొన్ని రోజులు దురద పెట్టింది. ఒక రోజు స్నానం చేశాక టవల్ మీద రక్తం మరక కనిపించింది. మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇది ఇంత నల్లగా ఎప్పుడైంది?" అంది. ఫోన్‌తో ఫోటో తీసి చూపించింది. గోధుమరంగులో ఉండాల్సింది సగం దాకా బొగ్గు నలుపు. ఒక అంచున పెచ్చు కట్టి ఉంది. చుట్టూ చర్మం ఎర్రగా ఉంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని నెట్‌లో చదివాం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ని గుర్తుపట్టడానికి ఎ, బి, సి, డి, ఇ అని ఒక పద్ధతి ఉంది. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకటి కంటే ఎక్కువ రంగులు ఉండటం, అడ్డం 6 మిల్లీమీటర్లు దాటడం, మారుతూ ఉండటం. మా అమ్మాయి స్కేలు పెట్టి కొలిస్తే 11 మిల్లీమీటర్లు వచ్చింది. మిగతా నాలుగూ కూడా సరిపోయాయి. అయిదుకి అయిదు. ఇక ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడే మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన భూతద్దంతో చూసి, "తొంభై పాళ్లు ఇది సెబోరిక్ కెరటోసిసేనండీ, వయసుతో వచ్చే హాని లేని మచ్చే. కానీ రక్తం వచ్చింది, రంగు మారింది కాబట్టి చర్మం డాక్టర్‌ని చూడకుండా నేను తేల్చను" అన్నారు. ఆ మిగిలిన పది పాళ్లే నా తలలో తిరిగాయి. ఆయన అన్న ఇంకో మాట మాత్రం తర్వాత చాలా పనికొచ్చింది. "దాన్ని గోకొద్దు, పెచ్చు పీకొద్దు, ఎవరైనా ఏదైనా రాసి కాల్చమంటే కాల్చొద్దు. అది ఏమిటో తెలియకముందే పోగొడితే, ఇక ఎప్పటికీ తెలియదు."

రెఫరల్ రాసిచ్చారు. డెర్మటాలజిస్ట్ అపాయింట్‌మెంట్‌కి మామూలుగా రెండు నెలలు పడుతుందన్నారు. అయితే ఉత్తరంలో "మారుతున్న మచ్చ, రక్తస్రావం" అని రాసి ఉంటే తొందరగా ఇస్తారట. ఫోన్ చేసినప్పుడు అవే మాటలు నేనూ చెప్పాను. మూడు వారాల తర్వాతి తేదీ దొరికింది, నవంబర్ మొదటి వారం. మీకూ ఇలాంటిది జరిగితే ఫోన్లో "చర్మం మీద మచ్చ చూపించుకోవాలి" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. ఏం మారింది, ఎప్పటి నుంచి మారింది అన్నది చెప్పండి. అవతలివాళ్లు వరస వేసేది దాన్ని బట్టే.

ఆ మూడు వారాలూ నా బుర్రకి పని లేక భయపడుతూనే ఉంది. మా అమ్మాయి వారానికోసారి ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసేది. రెండో ఫోటోకే ఎరుపు కొంచెం తగ్గింది. తగ్గిందంటే మంచిదేనా, లేక పెచ్చు కింద ఇంకేదైనా జరుగుతోందా అని దాని మీద ఒక పూట వాదించుకున్నాం. ఒక దగ్గరి బంధువు ఫోన్ చేసి, పులిపిర్లు రాల్చే ద్రవం ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రెండు చుక్కలు వేస్తే మాడి ఊడిపోతుంది అని మంచి మనసుతోనే చెప్పింది. ఫ్యామిలీ డాక్టర్ చెప్పిన మాట వినకపోయి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. అలాంటి ద్రవం పైపైన మాడ్చేస్తుంది. కింద ఉన్నది మెలనోమానే అయితే అది లోపల అలాగే ఉండిపోతుంది, పైన మాత్రం మచ్చ మానిపోయినట్టు కనిపిస్తుంది.

అపాయింట్‌మెంట్ రోజు నాకు ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఒక్క మచ్చ చూపించడానికి వెళ్లాను కదా, డెర్మటాలజిస్ట్ ఆవిడ మొత్తం చర్మం చూశారు. గౌను ఇచ్చి మార్చుకోమన్నారు. తల వెంట్రుకలు పాయలు తీసి చూశారు, చెవుల వెనక చూశారు, సాక్సులు విప్పించి అరికాళ్లు, కాలివేళ్ల మధ్య చూశారు. గోళ్లకి రంగు ఉంటే తీసేసి రావాల్సింది అన్నారు, అక్కడే తుడిపించారు. ఒంటికి పౌడర్, క్రీము, నూనె ఏమీ రాసుకోకుండా వెళ్లడం మంచిది. అంచుల్లోని సన్న వివరాలు వాటి కింద దాక్కుంటాయి.

అరికాళ్లు ఎందుకని అడిగాను. మనలాంటి గోధుమ, నలుపు చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా తక్కువే, కానీ వచ్చినప్పుడు ఎండ తగిలే చోట కంటే అరికాలు, అరచెయ్యి, గోరు కింద రావడం ఎక్కువట. గాయంలాగో, నలిగిన గోరులాగో కనిపించి చాలా ఆలస్యంగా బయటపడుతుందట. గాయకుడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్లకే చనిపోయింది అలాంటి దానితోనే, కాలివేలి గోరు కింద మొదలైంది, మొదట్లో ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, నేను దీన్ని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను: సెబోరిక్ కెరటోసిస్ ఒంట్లో దాదాపు ఎక్కడైనా వస్తుంది కానీ అరచేతుల్లో, అరికాళ్లలో, నోటి లోపల రాదు. కాబట్టి అరికాల్లో కొత్తగా నల్ల మచ్చ వస్తే, "మా వీపు మీద ఉన్నలాంటిదే" అనుకుని వదిలేయడానికి లేదు.

తర్వాత డెర్మటోస్కోప్ తీశారు. అరచేతిలో పట్టేంత పరికరం, లైటు ఉన్న భూతద్దం. మచ్చ మీద జెల్ రాసి దాన్ని ఆనించి చూస్తారు. నొప్పేమీ లేదు, చల్లగా ఉంటుంది అంతే. ముందు నా కణత మీదిది, పక్కటెముకల దగ్గరివి చూశారు. ఆ పరికరానికి ఫోన్ తగిలించి ఉంది, తీసిన ఫోటోలు నాకూ చూపించారు. మా అమ్మాయి కూడా పక్కనే ఉంది.

మామూలు కెరటోసిస్ ఎలా ఉంటుందో మొదటిసారి దగ్గరగా చూశాను. చర్మం మీద అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తోంది. లోపల అక్కడక్కడా చిన్న తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి. చర్మం పై పొర చేసే గట్టి పదార్థం, కెరటిన్, ముద్దలుగా లోపల ఇరుక్కుంటే అలా కనిపిస్తుందట. అదే కెరటిన్ పైకి తెరుచుకున్న గుంటల్లో నిండితే నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. వాటి మధ్య మిట్టలూ పల్లాలూ. ఆవిడ పరికరం మీద ఒక మీట నొక్కి వెలుతురు మార్చారు, తెల్ల చుక్కలు వెలవెలబోయాయి. మళ్లీ నొక్కితే మెరిశాయి. ఒక రకం వెలుతురులో చర్మం పైపైన ఉన్నవి బాగా కనిపిస్తాయి, ఇంకో రకంలో లోపలివి. "చూశారా, దీని సరుకంతా పైనే ఉంది" అన్నారు.

తేడా అంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది. కెరటోసిస్ చర్మం పై పొరని కట్టే మామూలు కణాలు ఎక్కువై పైకి పేరుకోవడం వల్ల వస్తుంది. అవి రంగుని పక్క కణాల నుంచి పుచ్చుకుంటాయి, అందుకే కొన్ని లేత గోధుమరంగులో, కొన్ని కాటుక నలుపులో ఉంటాయి. ఎంత నల్లగా ఉన్నా అది లోపలికి దిగదు. మెలనోమా అలా కాదు, రంగుని తయారుచేసే కణాలే అదుపు తప్పుతాయి. మొదట పక్కలకి పాకి, తర్వాత లోతుకి దిగుతాయి. అందువల్ల మెలనోమా మొదట్లో చదునుగా, నునుపుగా, రంగు చర్మంలో కలిసిపోయినట్టు ఉండొచ్చు. గరుకుగా, మైనంలా, పైన అతికించినట్టు ఉండటం కెరటోసిస్ లక్షణం.

నేను అడిగాను, మరి ఆ అయిదు గుర్తులూ నాకు సరిపోయాయి కదా అని. ఆవిడ నవ్వారు. ఆ పద్ధతిని 1985లో నాలుగు అక్షరాలతో తెచ్చారట, మారడం అనే అయిదోది 2004లో చేర్చారు. జనం మెలనోమాని ముందుగా పసిగట్టాలని తెచ్చిన పద్ధతి అది. కెరటోసిస్‌ని దాంతో కొలిస్తే చాలాసార్లు తప్పు అలారం మోగుతుంది, ఎందుకంటే కెరటోసిస్‌కి కూడా రెండు సగాలు ఒకేలా ఉండవు, అంచు వంకరగానే ఉంటుంది, రంగులు కలిసి ఉంటాయి, సెంటీమీటర్ దాటడం మామూలు, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది కూడా. "మీ ఒంటి మీద ఇలాంటివి పది ఉన్నాయి. ఆ పదిలో ఏది మిగతావాటిలా లేదు అని చూడండి, అది ఎక్కువ పనికొస్తుంది" అన్నారు. నా విషయంలో మిగతావాటిలా లేనిది ఆ వీపు మీదిదే. అందుకే ఆ మాట నాకేమీ ధైర్యం ఇవ్వలేదు.

చివరికి దాని దగ్గరికి వచ్చారు. చాలాసేపు చూశారు. వెలుతురు మార్చి మార్చి చూశారు. డాక్టర్ మాట్లాడకుండా చూస్తున్నంతసేపూ మనకి ఊపిరి ఆడదు, అది మీకు తెలిసిందే. కింది సగంలో తెల్ల చుక్కలు, గుంటలు ఉన్నాయి, అది మామూలు కెరటోసిసే అన్నారు. పై సగం మీద ఎండిన రక్తం పెచ్చు కప్పేసింది. పెచ్చు పక్కన, అంచుకి ఆనుకుని, నీలం కలిసిన బూడిదరంగు ప్యాచ్ ఒకటి ఉంది. నాకు ఫోటోలో చూపిస్తే కందిన చోటులా అనిపించింది.

ఆ నీలిబూడిద రంగే మొత్తం వ్యవహారాన్ని బయాప్సీ దాకా తెచ్చింది. రంగు పదార్థం పైపొరలో ఉంటే గోధుమగా, నల్లగా కనిపిస్తుంది. అదే లోతుకి దిగితే పైన ఉన్న చర్మం గుండా నీలంగా కనిపిస్తుంది. మెలనోమా లోతుకి దిగినప్పుడు ఆ రంగు వస్తుంది. రాపిడికి వాచిన కెరటోసిస్‌లో కూడా రావచ్చు, అప్పుడు కిందికి రాలిన రంగుని శరీరంలోని శుభ్రం చేసే కణాలు మింగి అక్కడే ఉండిపోతాయి. పైనుంచి చూస్తే ఈ రెంటినీ అన్నిసార్లూ విడదీయలేం అన్నారు. తెల్ల చుక్కలు ఉన్నాయి కదా అంటే, అవి మెలనోమాలో కూడా ఒక్కోసారి కనిపిస్తాయట. పైగా కొన్ని మెలనోమాలు అచ్చం కెరటోసిస్‌లా గరుకుగా, పులిపిరిలా పెరుగుతాయి. "నాకు ఇది కెరటోసిస్ అనే గట్టిగా అనిపిస్తోంది. కానీ అనిపించిన దాన్ని ద్రవ నైట్రోజన్ చలితో మాడ్చి పంపలేను. తీసి ల్యాబ్‌కి పంపుదాం, ఈరోజే" అన్నారు.

ఎలా తీయాలి అన్నదానికి కూడా ఒక లెక్క ఉంది. కెరటోసిస్ అని ఖాయంగా తెలిస్తే పలచగా చెక్కేస్తే చాలు. మెలనోమా అయి ఉండొచ్చు అనుకున్నప్పుడు అలా చెయ్యకూడదు. మెలనోమా ఎంత ప్రమాదకరం, తర్వాత ఎంత వెడల్పు కొయ్యాలి అన్నవన్నీ అది ఎన్ని మిల్లీమీటర్ల లోతుకి దిగిందన్న దాన్ని బట్టి ఉంటాయి. కత్తి సగంలో కోసేస్తే ఆ కొలత పోతుంది. అలాగని చుట్టూ కండతో సహా ఆకు ఆకారంలో కోసి కుట్లు వేస్తే, బహుశా ఏమీ కానిదానికి వీపు మీద నాలుగు సెంటీమీటర్ల కోత మిగులుతుంది. ఆవిడ మధ్యే మార్గం ఎంచుకున్నారు: మొత్తం మచ్చని, చుట్టూ రెండు మిల్లీమీటర్ల మామూలు చర్మంతో, కింది పొరలోకి దిగేంత లోతుగా ఒకే ముక్కగా తీయడం. కుట్లు ఉండవు, దానంతట అదే నిండుతుంది. ఏ పద్ధతి, ఎందుకు అని అడగడానికి మొహమాటపడకండి. నేను అడిగితే ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. నేను వాడను. వాడేవాళ్లు చెప్పాలి గానీ సొంతంగా ఆపేయకూడదు అన్నారు. ముందు పెన్నుతో గీత గీసి ఫోటో తీశారు. తర్వాత మత్తు సూది. అసలు బాధ ఏదైనా ఉంటే అది ఇదే, కొన్ని క్షణాలు మంటలా చురుక్కుమంటుంది. తర్వాత కొంచెంసేపు అలాగే వదిలేశారు. మత్తుతో పాటు రక్తనాళాలు ముడుచుకునే మందు కూడా ఉంటుందట, అది పని చెయ్యడానికి ఆ వ్యవధి. తీసేటప్పుడు తోసినట్టు, లాగినట్టు తెలిసింది తప్ప నొప్పి లేదు. కరెంటు సూదితో రక్తం ఆపారు, కాలిన వెంట్రుక వాసన వచ్చింది. ఆ వాసన వస్తుందని ముందే చెప్పి ఉంటే అంత ఉలిక్కిపడేదాన్ని కాదు. ముక్కని చిన్న డబ్బాలో, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేశారు. నర్సమ్మ డబ్బా మీద నా పేరు, పుట్టిన తేదీ, "ఎడమ వీపు" అని రాసి నాకే చదివి వినిపించింది. నచ్చింది ఆ పద్ధతి.

ఇంటికొచ్చాక అసలు కష్టాలు చిన్నచిన్నవి. పుండు వీపు మీద ఉంది, నా చెయ్యి అందదు. ఒక రోజు తడపకుండా ఉంచి, తర్వాత రోజూ సబ్బునీళ్లతో కడిగి, పెట్రోలియం జెల్లీ దట్టంగా రాసి, అంటుకోని రకం పట్టీ వెయ్యాలి. ఆరబెట్టి పెచ్చు కట్టించాలని మనకి అలవాటు. ఆవిడ సరిగ్గా దానికి ఎదురు చెప్పారు, తడిగా ఉంచితే తొందరగా, తక్కువ మచ్చతో మానుతుందట. ఈ పనంతా మా అమ్మాయే చేసింది. ఒంటరిగా ఉండేవాళ్లు వీపు మీద తీయించుకునే ముందు ఈ ఏర్పాటు ఆలోచించుకోవాలి. ఇంకొకటి, బ్రా పట్టీ రాసుకునే చోటే పుండు కాబట్టి మూడు వారాల పైన బ్రా వేసుకోలేదు. వదులు కుర్తాలతో, పైన శాలువాతో ఆఫీసుకి వెళ్లాను. ఈ ముక్క ఏ డాక్టరూ చెప్పరు.

రిపోర్టు వారం నుంచి పది రోజుల్లో వస్తుందన్నారు. పదో రోజు దాటింది, రాలేదు. ఫోన్ చేస్తే అవతల అమ్మాయి, "పెథాలజిస్ట్ ఇంకో స్టెయిన్ వేయించారండీ, ఇంకొన్ని రోజులు పడుతుంది" అంది. నా కాళ్లు చల్లబడ్డాయి. మామూలుదైతే ఇంకో స్టెయిన్ ఎందుకు? నేను ఏదో ఊహించేసుకున్నాను, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో కూడా వెతికి పెట్టాను. మా అమ్మాయి తిట్టింది. తర్వాత తెలిసింది ఏమిటంటే, గాజు పలక మీద మామూలు రంగులు వేసి చూసినప్పుడు రంగు ఎక్కువగా, వాపు ఎక్కువగా ఉంటే, రంగు తయారుచేసే కణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వాటిని మాత్రమే పట్టి చూపించే ఇంకో స్టెయిన్ వేస్తారు. నాకు వేసింది మెలాన్-ఎ అనేది. అది క్యాన్సర్ కనిపించినందుకు వేసేది కాదు, అనుమానం మిగలకుండా వేసేది.

నవంబర్ ఆఖరి వారంలో డాక్టరే స్వయంగా ఫోన్ చేశారు. "సెబోరిక్ కెరటోసిస్, ఇరిటేటెడ్. మెలనోమా కాదు." ఆ తర్వాత ఆవిడ చెప్పినవేవీ నాకు ఎక్కలేదు. రిపోర్టు చేతికొచ్చాక మళ్లీ వెళ్లి కూర్చుని ప్రతి వాక్యం అడిగాను. పై పొర మందం కావడం, మధ్యలో కెరటిన్ గోళాలు, కణాల గుంపు అడుగు భాగం చర్మం మట్టానికి చదునుగా ఆగిపోవడం, ఇవన్నీ కెరటోసిస్ గుర్తులు. వాపు, ఎండిన రక్తం మాత్రం బ్రా పట్టీ రాపిడి వల్ల వచ్చినవి. నీలిబూడిద రంగు ఎందుకో కూడా రాశారు, రంగుని మింగిన కణాలు పై పొర కింద గుంపుగా ఉన్నాయట. రంగు తయారుచేసే కణాలు ఉండాల్సిన వరసలో, ఉండాల్సినన్నే ఉన్నాయి. అంటే ఆవిడ డెర్మటోస్కోప్‌లో చూసిన ప్రతిదానికీ కారణం కాగితం మీద దొరికింది. నాకు "కాదు" అన్న మాట కంటే అది ఎక్కువ నెమ్మదినిచ్చింది.

ఖర్చు సంగతి. బిల్లులు రెండు వచ్చాయి, వేరువేరుగా, వేరువేరు రోజుల్లో. ఒకటి తీసినందుకు, ఒకటి ల్యాబ్‌ది. ల్యాబ్ బిల్లులో ఆ రెండో స్టెయిన్‌కి విడిగా వేశారు. మొదటి బిల్లు కట్టి అయిపోయిందనుకున్నవాళ్లకి రెండోది రాగానే మోసమేమో అనిపిస్తుంది, కాదు. అనుమానంతో తీసింది కాబట్టి ఇన్సూరెన్స్ ఒప్పుకుంది. డాక్టర్ నోట్‌లో "రక్తస్రావం, రంగు మార్పు, మెలనోమా కాదని తేల్చుకోవడానికి" అని ఉండటం అందుకు పనికొచ్చింది. అందంగా లేదని తీయించుకుంటే మాత్రం జేబులోంచే.

జనవరిలో నా తర్వాతి ప్రశ్న. మిగతావి కూడా తీసేస్తారా? అవసరం లేదన్నారు. అవి క్యాన్సర్‌గా మారేవి కావు, అంటుకునేవి కావు, పులిపిర్లలాగా వైరస్ వల్ల వచ్చేవి కావు. వయసు, వంశం, కొంత ఎండ. ఒకటి తీస్తే ఇంకో చోట ఇంకోటి రావచ్చు. ఒక బంధువు ఎక్కడో విని, ఇలాంటివి చాలా ఉంటే లోపల క్యాన్సర్ ఉన్నట్టట అని నన్ను మళ్లీ హడలగొట్టింది, అదీ అడిగాను. చాలా ఏళ్లలో ఒక్కొక్కటే వచ్చినవాటికి దానితో సంబంధం లేదన్నారు. కొద్ది వారాల్లో, నెలల్లో ఒక్కసారిగా గుంపుగా దురదతో పుట్టుకొస్తే అప్పుడు లోపల కడుపు లాంటి చోట్ల ఏమైనా ఉందా అని చూస్తారు, అది చాలా అరుదు, అందులో కూడా డాక్టర్లకి ఏకాభిప్రాయం లేదు.

కణత మీదిది మాత్రం కళ్లజోడు కాడకి తగులుతోందని అడిగితే, డెర్మటోస్కోప్‌లో అచ్చమైన కెరటోసిస్ అని మళ్లీ చూసి నిర్ధారించుకుని, ఫిబ్రవరిలో ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించారు. మైనస్ 196 డిగ్రీలు. చేసే ముందు ఒక హెచ్చరిక చెప్పి సంతకం తీసుకున్నారు. చలికి మామూలు చర్మ కణాల కంటే రంగు తయారుచేసే కణాలు తొందరగా చచ్చిపోతాయి, కాబట్టి మన రంగు చర్మం మీద తెల్లటి మచ్చ మిగలొచ్చు, కొందరికి అది పోదు కూడా. కొన్ని సెకన్లు స్ప్రే చేశారు, బాగా మండింది. సాయంత్రానికి బొబ్బ, తర్వాత పెచ్చు, రెండు వారాలకి ఊడింది. చెప్పినట్టే కింద లేత గులాబీ రంగు, ఏప్రిల్‌కి అది తెల్లబడింది. గోధుమ మచ్చ పోయి తెల్ల మచ్చ వచ్చింది. ఏది నయమో నేనింకా తేల్చుకోలేదు. అద్దంలో చూస్తే ముందుది తక్కువగా కనిపించేదేమో అనిపిస్తుంది.

వీపు మీది పుండు నాలుగు వారాల్లో నిండింది. ఇప్పుడు అక్కడ చుట్టూ కొంచెం ముదురు రంగుతో గుండ్రటి నున్నటి మచ్చ ఉంది. ఏడాదికోసారి రమ్మన్నారు. ఆ లోపల ఫోన్ చెయ్యాల్సినవి ఏమిటో కూడా చెప్పారు: రాపిడి లేని చోట ఏదైనా రక్తం కారితే, ఒక మచ్చ వారాల్లో పెరిగి గట్టిగా, ఉబ్బుగా అయితే, నీలం నలుపు కలిసిన రంగు వస్తే, ఒకే ఒక గోరులో కొత్తగా నల్ల చార వచ్చి వెడల్పవుతుంటే, లేదా ఆ నలుపు గోరు పక్క చర్మం మీదికి పాకితే. బ్రా పట్టీ కింద కుడివైపున ఇంకోటి ఉంది, అది కూడా ఈ మధ్య రాసుకుంటోంది. జూన్‌లో దాన్ని పలచగా చెక్కించుకుంటున్నాను. డెర్మటోస్కోప్‌లో మామూలుదే అన్నా, ముక్కని పారెయ్యకుండా ల్యాబ్‌కి పంపమని అడిగాను. రెండో బిల్లు వస్తుందని ఈసారి ముందే తెలుసు.